x^n డెరివేటివ్‌కి హాస్పిటల్ రూల్ వేస్తే 5కి సున్నా ఇచ్చారు, న్యాయమేనా?

గునుపూర్_గుంటడు | రాత్రి 9:14
అందరికీ నమస్కారం. నేను ప్లస్ టూ సెకండియర్, ఇంట్లో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు, ఫ్రెండ్స్‌తో ఒడియా, అందుకని కలిపి రాసేస్తే ఏటనుకోకండి. మొన్న యూనిట్ టెస్టులో 5 మార్కుల క్వశ్చన్ వచ్చింది, n పాజిటివ్ పూర్ణాంకం అయితే x^n డెరివేటివ్ nx^(n-1) అని ఫస్ట్ ప్రిన్సిపుల్ నుంచి ప్రూవ్ చెయ్యమని. నేను ఇలగ మొదలెట్టాను:

f'(x) = lim (h→0) [(x+h)^n − x^n] / h

h కి సున్నా పెడితే 0/0 వస్తంది. 0/0 వస్తే ఎల్ హాస్పిటల్ రూల్ వెయ్యొచ్చు కదా, అందుకని పైనా కిందా h తో డిఫరెన్షియేట్ చేసాను, పైన n(x+h)^(n-1), కింద 1, ఇప్పుడు h సున్నా అయితే nx^(n-1). మూడు లైన్లలో అయిపోయింది. సార్ ఆ లైన్ చుట్టూ ఎర్ర పెన్నుతో గుండ్రంగా సున్నా చుట్టి 5కి 0 వేసారు. ఆన్సర్ కరెక్టే, స్టెప్పులు ఉన్నాయి, ఒక్క మార్కైనా రావాలి కదా? అడిగితే ఆ గుండ్రమే సమాధానం, వెళ్ళి ఆలోచించుకో అన్నారు.

జీడితోట_బాబాయి | రాత్రి 9:31
ఏ హాస్పిటల్ నాయనా, ఎవరికి ఒంట్లో బాగోలేదు? హెడ్డింగు చూసి కంగారుపడిపోయాను, మా పర్లాకిమిడిలో ఎవరైనా కావాలంటే చెప్పు, బండేసుకుని బేగి వెళ్తాను.

గునుపూర్_గుంటడు | రాత్రి 9:33
అయ్యో బాబాయ్ అది లెక్కల్లో రూలు పేరు 😄 ఎవరికీ ఏం అవ్వలేదు, నా మార్కులకి తప్ప

జైపూర్_బావ | రాత్రి 9:40
మార్కులు ఐసీయూలో ఉన్నాయి బాబాయ్

సిరోంచ_రాజన్న | రాత్రి 9:52
తమ్మీ, మాది సిరోంచ, మహారాష్ట్ర బోర్డు, నేను బారావీల గిదే క్వశ్చన్ రాసిన. గింత పంచాయితీ ఎందుకు, (x+h)^n ని బైనామియల్‌తోని విప్పు, x^n కి x^n పోతది, h చానా చిన్నది కదా, h² ఇంకా చిన్నది, గవన్నీ కొట్టెయ్, nx^(n-1)h మిగుల్తది, కింద h తోని కొట్టెయ్, అయిపాయె. సివిల్ డిప్లొమాల కూడ మా సార్లు గట్లనే చేస్తుండె. చిన్నవి లెక్కల్కి రావు.

గునుపూర్_గుంటడు | రాత్రి 9:58
రాజన్నా, h కూడా చిన్నదే కదా మరి, h² కొట్టేసి h ని ఎందుకు ఉంచాం? అది కూడా కొట్టేస్తే పైన సున్నా మిగులుతాది

సిరోంచ_రాజన్న | రాత్రి 10:03
h ని కొట్టేస్తే ఆన్సర్ రాదు గదా తమ్మీ 😅

రాయగడ_ట్యూషనక్క | రాత్రి 10:20
రాజన్న గారూ, మీరు నవ్వుతూ రాసిన ఆ ముక్కలోనే అసలు తంటా ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు తమ్ముడి సున్నా సంగతి.

తమ్ముడూ, మీ సార్ సున్నా చుట్టలేదు, గుండ్రం గీసారు. అది కసురుకోవడం కాదు, నువ్వు చేసింది గుండ్రంగా తిరిగిన వాదన అని బొమ్మ గీసి చూపించారు, నోటితో ఒక ముక్క చెప్పుంటే బాగుండేదనుకో. నువ్వు పైన (x+h)^n ని h తో డిఫరెన్షియేట్ చేసి n(x+h)^(n-1) అని రాసావు కదా, ఆ రూలు నీకు ఎక్కడిది? అదే కదా నిన్ను ప్రూవ్ చెయ్యమన్నది. ఇంట్లో తాళంచెవి పెట్టి తలుపేసేసి, తలుపు తీసుకుని లోపలికెళ్ళి తాళంచెవి తెచ్చుకుంటానన్నట్టు ఉంది.

అనుమానం వస్తే ఇలా చూసుకో. పవర్ రూల్ ఇంకా తెలియని పిల్లకి నీ పేపరు ఇచ్చావనుకో, n కి 5 పెట్టి, రెండో లైను నుంచి మూడో లైనుకి ఎలా వెళ్ళావని ఆ పిల్ల అడుగుతాది. నీ దగ్గర "రూలుంది" అనే తప్ప చెప్పడానికి ఇంకేం లేదు. హాస్పిటల్ రూలు తప్పు కాదు, దాన్ని వాడాలంటే పైనున్నదాని డెరివేటివ్ ముందే తెలిసుండాలి, ఇక్కడ తెలియనిదే అది. నేను దిద్దినా సున్నానే వేస్తాను, లిమిట్ డెఫినిషన్ సరిగ్గా రాసినందుకు ఒకటి వేస్తానేమో.

గునుపూర్_గుంటడు | రాత్రి 10:26
ఓహ్ ఆ గుండ్రం దానికా 🤦 నేను రెండు రోజుల్నుంచి సార్‌ని తిట్టుకుంటన్నాను. సరే అక్కా మరి ఎలగ రాయాలి? బైనామియల్ థీరమ్‌లో ఆ nCr లు అన్నీ రాస్తే నాకు మధ్యలో తప్పిపోతాది.

రాయగడ_ట్యూషనక్క | రాత్రి 10:49
అన్నీ రాయక్కర్లేదు, మొదటి రెండు ముక్కలు చాలు, మిగతావన్నీ ఒక మూటలో కట్టెయ్యొచ్చు. n=5 తో చూద్దాం, మిగతా n కీ మాట మారదు.

(x+h)^5 అంటే ఐదు బ్రాకెట్లు పక్కపక్కన, ఒక్కో దాంట్లో x, h ఉన్నాయి. గుణించడమంటే ఒక్కో బ్రాకెట్ లోంచి x నో h నో ఒకటి ఏరుకుని ఐదింటినీ కలిపి గుణించి, అలా ఎన్ని రకాలుగా ఏరుకోవచ్చో అన్నీ కూడడం. ఐదింట్లోనూ x ఏరుకుంటే x^5, అది ఒక్కటే దారి. ఒక్క బ్రాకెట్ లోంచే h ఏరుకుని మిగతా నాలుగింట్లో x ఏరుకుంటే x^4·h, ఆ h ఏ బ్రాకెట్‌దైనా కావచ్చు కాబట్టి ఐదు దారులు, అంటే 5x^4·h. నువ్వు వెతుకుతున్న n అక్కడిదే, ఐదు బ్రాకెట్లలో h ఎక్కడ కూర్చుంటుందో లెక్క. ఇంక మిగిలినవాటిలో కనీసం రెండు h లు ఉండాల్సిందే, అంటే అన్నిట్లోంచీ h² బయటికి తీసెయ్యొచ్చు. ఆ మిగిలిన దాన్ని Q అందాం:

(x+h)^n = x^n + n·x^(n-1)·h + h²·Q

Q లోపల x లూ h లూ కొన్ని అంకెలూ ఉంటాయి, కింద భాగించేది ఏమీ ఉండదు. ఇప్పుడు x^n తీసేసి h తో భాగించు. h సున్నా కాదు కాబట్టి భాగించొచ్చు:

[(x+h)^n − x^n] / h = n·x^(n-1) + h·Q

ఇది ఉజ్జాయింపు కాదు, అక్షరాలా సమానం, ఏదీ కొట్టెయ్యలేదు. ఇక్కడిదాకా వచ్చాకే h ని సున్నాకి పోనివ్వాలి. h·Q సున్నాకి పోతుంది, n·x^(n-1) లో h లేనే లేదు కాబట్టి కదలకుండా ఉంటుంది.

రాజన్న గారూ, మీ h² కొట్టెయ్యడం సంగతి ఇప్పుడు చూడండి. ముందే కొట్టేస్తే "h ని ఎందుకు కొట్టలేదు" అని తమ్ముడు అడిగినదానికి జవాబు లేదు. ముందు భాగించండి, అప్పుడు ఒక h ఉన్నదానికి h పోయి గట్టి సంఖ్య మిగిలింది, రెండు h లు ఉన్నదానికి ఇంకో h మిగిలింది కాబట్టి అదే పోతుంది. చిన్నదా పెద్దదా అని కాదు, h తో పోలిస్తే చిన్నదా అని.

సిరోంచ_రాజన్న | రాత్రి 11:02
అచ్చా. అంటే నా ఆన్సర్ కరెక్టే, కారణం ఉల్టా చెప్పిన. ఇన్నేండ్లకి సమజైంది మేడమ్. కాని సైట్ మీద మేం ఇప్పటికి గట్లనే కొట్టేస్తం.

జీడితోట_బాబాయి | ఉదయం 6:05
రాత్రి నిద్రపోయాను. ఇప్పుడంతా చదివాను, నాకు డెరివేటివ్ తెలీదు గానీ ఆ h², h గొడవ మాత్రం తెలుసు. మా జీడితోట పక్కన 60 అడుగుల చదరం చెక్క ఒకటి ఉంటే, పోయినేడు రెండేపులా ఒక్కో అడుగు జరిపి కంచె వేసాం. ఎంత పెరిగిందీ అంటే మావాడు 60 + 60 = 120 చదరపడుగులు అన్నాడు, నేను 121 అన్నాను, మూలన ఒక అడుగు చదరం మిగిలిపోయిందిగా. రెండు పట్టీలూ పొడుగు, మూలది ఒక ముక్క. మీరు చెప్పింది ఇదేనా కాదా?

రాయగడ_ట్యూషనక్క | ఉదయం 6:40
బాబాయ్ గారూ, అదే! x² కి 2xh + h² మీరు కంచె వేసి కట్టారు. 2 అంటే పట్టీలు రెండు, h² అంటే మూల. అడుగు బదులు ఒక అంగుళమే జరిపి ఉంటే, అంటే 1/12 అడుగు, పట్టీలు రెండూ కలిపి 10 చదరపడుగులు, మూల 1/144. పట్టీలు పన్నెండో వంతుకి తగ్గితే మూల నూట నలభై నాలుగో వంతుకి తగ్గింది. మూల అంత బేగి మాయమైపోతుంది కాబట్టే చివరికి పట్టీలే మిగులుతాయి. పెట్టెలాంటి x³ కి మూడు పలకలు, మూడు కర్రలు, ఒక చిన్న మూల. x^4 కి బొమ్మ గియ్యలేం, ఏరుకోవడం లెక్కే దిక్కు.

గునుపూర్_గుంటడు | ఉదయం 7:15
అక్కా నిన్న రాత్రి కాలిక్యులేటర్ పెట్టి చూసాను, n=5, x=2 వేసాను, 5×16 = 80 రావాలి.

h = 0.1 → 88.4101
h = 0.01 → 80.80401001
h = −0.01 → 79.20399001

రెండు పక్కల నుంచీ 80 కే వస్తంది. కానీ ఇంకా చిన్నది పెడదామని h కి 10^(−15) పెడితే 0 వచ్చింది!! 80 కాదు సున్నా. అప్పుడు డెరివేటివ్ సున్నా అనాలా, లేకపోతే నా కాలిక్యులేటర్ పాడైందా, అది మా అన్నయ్య వాడింది.

అర్ధరాత్రి_బీఎస్సీ | ఉదయం 8:02
పాడవ్వలేదు తమ్ముడూ, దానికి అన్ని అంకెలు గుర్తుండవు. 2 + 10^(−15) రాయాలంటే 16 అంకెలు కావాలి, నీ కాలిక్యులేటర్ అన్ని మొయ్యలేక 2 అనుకుంటుంది, అప్పుడు పైన 32 − 32 = 0. అందుకే లిమిట్ అంటే "చాలా చిన్న h పెట్టి చూడడం" కాదు, ఆల్జీబ్రాలో భాగించి చూడాలి. నీ 88.4101 ని విప్పితే అక్క చెప్పిన Q కనిపిస్తుంది: 80 + 80h + 40h² + 10h³ + h⁴ లో h = 0.1 అంటే 80 + 8 + 0.4 + 0.01 + 0.0001. ఇదైతే h ఎంత చిన్నదైనా మోసం చెయ్యదు.

నేను బరంపురంలో బీఎస్సీ, నా స్టైల్ వేరు, బైనామియల్ లేకుండానే చేస్తా. x+h ని t అనుకో. అప్పుడు పైన t^n − x^n, కింద t − x. ఇది అందరికీ తెలిసిన ఫ్యాక్టరైజేషనే:

t^n − x^n = (t − x)(t^(n-1) + t^(n-2)·x + … + x^(n-1))

కావాలంటే కుడివైపు గుణించి చూడు, మధ్యవన్నీ జంటలు జంటలుగా కొట్టుకుపోతాయి, చివర రెండే మిగులుతాయి. t − x పోయాక బ్రాకెట్లో n ముక్కలున్నాయి, t ని x కి పోనిస్తే ఒక్కోటీ x^(n-1) అవుతుంది, n సార్లు కూడితే n·x^(n-1). అక్క దగ్గర n అంటే h కూర్చునే చోట్లు, నా దగ్గర n అంటే బ్రాకెట్లో ముక్కలు. నాకైతే ఇదే నచ్చుతుంది, Q అని మూట కట్టే పని లేదు.

నాగావళి_ఒడ్డు | ఉదయం 9:20
మా పాపకి కూడా ఇదే చాప్టర్ నడుస్తోంది. తను 2^x కి డెరివేటివ్ x·2^(x-1) అని రాసింది, రూలు ప్రకారం అంతే కదా, టీచర్ కొట్టేసారు. మీరు పైన చెప్పిన ప్రూఫ్ పేపర్ మీద రాసి చూపిస్తే ఒప్పుకుంటారా?

అర్ధరాత్రి_బీఎస్సీ | ఉదయం 9:31
ఒప్పుకోరండీ, అది ఈ రూలు కిందికి రాదు. ఇక్కడ కింద ఉన్న x కదులుతోంది, పైనున్న n కదలదు, అందుకే "n బ్రాకెట్లు" అని లెక్కపెట్టగలిగాం. 2^x లో పైదే కదులుతోంది, x+h బ్రాకెట్లు అంటే అర్థం లేదు. దాని లిమిట్ 2^x × (2^h − 1)/h దగ్గర ఆగుతుంది, అందులోంచి 0.693 దగ్గరి సంఖ్య ఒకటి వస్తుంది, అది వేరే కథ.

జైపూర్_బావ | ఉదయం 10:11
మీరంతా తెలివైనోళ్ళు కదా, ఇది చెప్పండి. x² అంటే x ని x సార్లు కూడడం, x + x + … + x. ఒక్కో x డెరివేటివ్ 1. x సార్లు 1 కూడితే x. అంటే x² డెరివేటివ్ x, 2x కాదు. మా హాస్టల్లో ఈ ముక్క చెప్పి ఒకడి దగ్గర టిఫిన్ గెలిచాను 😎

గునుపూర్_గుంటడు | ఉదయం 10:19
బావా ఇప్పుడే కుదుటపడ్డాను, మళ్ళీ పాడుచేస్తావేటి

రాయగడ_ట్యూషనక్క | ఉదయం 11:05
ఆ టిఫిన్ డబ్బులు వెనక్కిచ్చెయ్ బావగారూ. x సార్లు అన్నారు, x కదిలితే ఆ "సార్లు" కూడా కదులుతుంది కదా, దాన్ని వదిలేసారు. x నుంచి x+h కి వెళ్తే ఒక్కో ముక్క h పెరగడమే కాదు, ముక్కలే h పెరిగాయి. మీరు ఒక పట్టీనే కొలిచారు, బాబాయ్ రెండో పట్టీ మర్చిపోలేదు. మీ సగం x, మర్చిపోయిన సగం ఇంకో x.

తమ్ముడూ, ఇది నీ ప్రూఫ్‌కీ పనికొస్తుంది. "కూడికకి లిమిట్ అంటే లిమిట్ల కూడిక" అని మనం నిశ్చింతగా వాడాం చూడు, h మారుతున్నా ముక్కల సంఖ్య n దగ్గరే నిలబడి ఉండడం వల్లే. Q లో కూడా n−1 ముక్కలే. h ని 1, −1 మధ్య ఉంచితే Q ఎంత పెరిగినా (|x|+1)^n దాటదు, కాబట్టి h·Q సున్నాకి పోక తప్పదు. పరీక్షలో ఇంత అడగరు, నువ్వు అడుగుతావని చెప్పాను.

గునుపూర్_గుంటడు | ఉదయం 11:32
ఇంకొక్కటి అక్కా, చివరిది. భాగించేటప్పుడు h సున్నా కాదన్నారు, చివర h ని సున్నా చేసారు. రెండూ ఒకేసారి ఎలగ? మా ఫ్రెండ్ ఇది చీటింగ్ అంటన్నాడు.

రాయగడ_ట్యూషనక్క | మధ్యాహ్నం 12:14
మీ ఫ్రెండ్‌ది పాత ప్రశ్నే, 1734లో జార్జ్ బర్క్‌లీ అనే బిషప్పు న్యూటన్ పద్ధతి మీద అచ్చంగా ఇదే ఎత్తి చూపాడు, అప్పట్లో గట్టి జవాబు లేదు. ఇప్పుడుంది. h ని సున్నా చెయ్యలేదు. n·x^(n-1) + h·Q అనేది h సున్నా కానంతసేపూ నిజం, ఆ విలువ n·x^(n-1) కి ఎంత దగ్గర కావాలంటే అంత దగ్గరికి తేగలం, h ని తగినంత చిన్నది చేస్తే చాలు. ఆ దగ్గరపడే చోటునే లిమిట్ అంటున్నాం. చివర్న "h కి సున్నా పెట్టాను" అని రాసే బదులు "h సున్నాకి పోతే" అని రాయి, ప్రతి లైన్లో lim వదలకుండా. ఆఖరి లైను వచ్చేవరకూ దాన్ని చెరిపెయ్యకు, అక్కడే చాలామంది మార్కు పోగొట్టుకుంటారు.

సిరోంచ_రాజన్న | మధ్యాహ్నం 12:40
మేడమ్, మా బుక్కుల (x^n − a^n)/(x − a) లిమిట్ n·a^(n-1) అని ఫార్ములా ఉంటది, డైరెక్ట్‌గ అది రాసి ఒక్క లైన్ల పని అయిపోతది గదా?

అర్ధరాత్రి_బీఎస్సీ | మధ్యాహ్నం 12:52
రాజన్నా, అది x^n డెరివేటివే వేషం మార్చుకుని వచ్చింది. నేను పైన చేసిన ఫ్యాక్టరైజేషన్ దాని ప్రూఫే. ముందు ఆ ఫార్ములా ప్రూవ్ చేసుకుంటే వాడుకోవచ్చు, ప్రూవ్ చెయ్యకుండా వాడితే తమ్ముడి గుండ్రం మళ్ళీ వస్తుంది.

రాయగడ_ట్యూషనక్క | మధ్యాహ్నం 1:20
నేను అంత కఠినంగా ఉండను. అది డెరివేటివ్‌ల కంటే ముందే లిమిట్ల చాప్టర్లో ప్రూవ్ చేసి ఉంటే వాడుకున్నా గుండ్రం కాదు. కానీ దిద్దేవాళ్ళు ఒప్పుకుంటారా అంటే ఒక్కో సారు ఒక్కోలా. నేనైతే ఆ మూడు లైన్లూ రాసేస్తాను.

అర్ధరాత్రి_బీఎస్సీ | మధ్యాహ్నం 1:26
నేను ఒప్పుకోను అక్కా, ఫస్ట్ ప్రిన్సిపుల్ అన్నాక దానినే ఎత్తి రాస్తే ఏం ప్రూవ్ చేసినట్టు. సరే అది వదిలెయ్యండి, n=1, x=0 దగ్గర nx^(n-1) అంటే 1·0^0 అవుతుంది కదా, అక్కడ మీరేం రాస్తారు?

రాయగడ_ట్యూషనక్క | మధ్యాహ్నం 1:41
h/h = 1 అని డెఫినిషన్ నుంచే వస్తుంది, కాబట్టి ఆ ఫార్ములాలో 0^0 ని 1 అని చదువుకోవాలి, లేదా n=1 ని విడిగా రాయాలి. నేను విడిగా రాయిస్తాను.

అర్ధరాత్రి_బీఎస్సీ | మధ్యాహ్నం 1:44
మా సార్ ఒక్కటని రాస్తే గొడవపడతారు

గునుపూర్_గుంటడు | సాయంత్రం 6:30
రెండు పద్ధతుల్లోనూ రాసుకుని సార్ దగ్గరికి తీసుకెళ్ళాను. బ్రాకెట్లలో h ఏరుకునేది చూసి తలూపారు, Q అంటే ఏటని అడిగారు, మూట అని చెప్పబోయి "మిగతా టర్మ్స్" అన్నాను. మార్కులు మార్చలేదు, పాత 0 అలాగే ఉంది, కానీ ఆ గుండ్రం పక్కన చిన్న టిక్కు పెట్టారు. బాబాయ్, మీ 60 అడుగుల చెక్క కూడా గీసి చూపించాను, సార్ ఆ మూలన వేలు పెట్టి ఇది ఎవరు చెప్పారని అడిగారు.

జీడితోట_బాబాయి | సాయంత్రం 6:48
మరి నా పేరు చెప్పావా లేదా?